ఒక సీటుకు రెండుసార్లు తీసుకున్న డబ్బు వాపసు కోరుతూ లేఖ

తేదీ: మార్చి 19, 2025

సెమినార్ నిర్వాహకులకు
(టికెట్లు, ఖాతాలు చూసే సిబ్బంది దృష్టికి)

విషయం: ఏప్రిల్ 5న జరిగే చిన్న సంస్థల ఖాతాల నిర్వహణ సెమినార్ - ఆర్డర్ SEM-20418 కింద అదనంగా పోయిన 2,400 వాపసు చేయడం, SEM-20423 టికెట్‌ను అలాగే ఉంచడం గురించి.

నమస్కారం.

పై సెమినార్‌కు నేను ఒకే ఒక సీటు బుక్ చేసుకున్నాను. నా కార్డు నుంచి మాత్రం టికెట్ ధర 2,400 చొప్పున రెండుసార్లు, మొత్తం 4,800 పోయింది. నేను సెమినార్‌కు వస్తున్నాను. టికెట్ రద్దు చేయమని అడగడం లేదు. కాబట్టి 'కొన్న టికెట్లకు డబ్బు తిరిగి ఇవ్వబడదు' అన్న మీ నిబంధన దీనికి వర్తించదు. ఒక సీటుకు రెండో ధర తీసుకున్నారు, దాన్ని వెనక్కి ఇవ్వమంటున్నాను, అంతే.

మార్చి 14, శుక్రవారం రాత్రి 9:12కి మొదటిసారి చెల్లించాను. ఓటీపీ ఇచ్చాక పేజీ దాదాపు మూడు నిమిషాలు తిరుగుతూనే ఉండి, చివరికి "Session expired. Please try again." అని చూపించింది. టికెట్ మెయిల్ రాలేదు. 9:17కి మళ్లీ మొదటి నుంచి వివరాలు నింపి చెల్లించాను. ఈసారి నిమిషంలోపే మెయిల్, క్యూఆర్ కోడ్ వచ్చాయి. ఆ తర్వాత బ్యాంకు మెసేజ్‌లు చూస్తే డబ్బు రెండుసార్లూ పోయింది. నెట్‌వర్క్ నెమ్మదిగా ఉండటంతో మొదటి మెసేజ్ కూడా 9:20 దాటాకే చేరింది, అందుకే రెండోసారి చెల్లించే ముందు నాకు తెలియలేదు.

రెండు చెల్లింపుల వివరాలు:

మొదటిది: ఆర్డర్ SEM-20418, మార్చి 14, రాత్రి 9:12, మొత్తం 2,400, ఆథరైజేషన్ కోడ్ 048213. నా ఖాతాలోని "My Bookings" పేజీలో ఇది "Payment Pending" అని కనిపిస్తోంది.

రెండోది: ఆర్డర్ SEM-20423, మార్చి 14, రాత్రి 9:17, మొత్తం 2,400, ఆథరైజేషన్ కోడ్ 048977. ఇది "Confirmed" అని ఉంది. టికెట్ దీని మీదే వచ్చింది.

రెండింటికీ వాడిన కార్డు ఒకటే, చివరి నాలుగు అంకెలు 6031. పూర్తి కార్డు నంబరు మెయిల్‌లో పంపను. పైన ఇచ్చిన కోడ్, సమయం, మొత్తంతోనే లావాదేవీ దొరుకుతుంది.

17న మీ సహాయ కేంద్రానికి ఫోన్ చేస్తే రెండు సంగతులు చెప్పారు. ఆ రెండింటికీ ఇక్కడే జవాబు రాస్తున్నాను, ఎందుకంటే మళ్లీ ఫోన్ చేసినా మాట అక్కడికే వస్తుంది.

ఒకటి, "మాకు ఒక్క చెల్లింపే వచ్చింది" అన్నారు. మీ సిబ్బంది ఆర్డర్ల జాబితా చూసి అలా చెప్పి ఉంటారని అనుకుంటున్నాను. ఆ జాబితాలో SEM-20418 చెల్లించని ఆర్డర్‌లాగే కనిపిస్తుంది. పేమెంట్ గేట్‌వే దగ్గర డబ్బు తీసుకోవడం పూర్తయినా, 'అయింది' అన్న కబురు మీ వెబ్‌సైట్‌కు చేరకపోతే ఆర్డర్ పెండింగ్‌లోనే ఆగిపోతుంది. పేజీ మధ్యలో సెషన్ ముగిసిపోయినప్పుడు సాధారణంగా జరిగేది ఇదే. కాబట్టి దయచేసి ఆర్డర్ల జాబితాలో కాకుండా గేట్‌వే డాష్‌బోర్డులో, లావాదేవీల పేజీలో, మార్చి 14 తేదీ, 2,400 మొత్తం పెట్టి వెతకండి. అయిదు నిమిషాల తేడాతో, ఒకే కార్డు మీద రెండు కనిపించాలి. మీ బ్యాంకు ఖాతాలో ఒక్కో టికెట్ డబ్బు విడిగా కాక రోజు మొత్తం కలిపి జమ అవుతుంటే, అక్కడ వెతికి లాభం లేదు. సెటిల్‌మెంట్ రిపోర్టులో వరుసలు చూడాలి.

రెండు, "ఏడు రోజులు ఆగండి, దానంతట అదే వెనక్కి వస్తుంది" అన్నారు. బ్యాంకు డబ్బును పక్కన పట్టి ఉంచి, వ్యాపారి దాన్ని తీసుకోనప్పుడు ఆ మాట నిజం. ఆ పట్టు కొన్ని రోజులకు వదిలిపోతుంది. 14న నా స్టేట్‌మెంట్‌లో రెండూ అలాగే పెండింగ్‌లో ఉన్నాయి, కానీ 17న రెండూ పోస్ట్ అయ్యాయి. అంటే మీ వైపు నుంచి రెండూ తీసుకోవడం అయిపోయింది. ఇప్పుడు అది దానంతట అది తిరిగి రాదు, మీరు రిఫండ్ నొక్కితేనే వస్తుంది. లావాదేవీని మధ్యలో రద్దు చేసే అవకాశం కూడా సెటిల్ కాకముందే, ఆ గడువు దాటింది.

రిఫండ్ చేసేటప్పుడు ఒక్క జాగ్రత్త. SEM-20418 చెల్లింపు మీదే చేయండి, SEM-20423 మీద కాదు. మొత్తం ఒకటే కదా అని రెండోదాని మీద పూర్తి రిఫండ్ నొక్కితే, చాలా టికెట్ వ్యవస్థల్లో ఆ టికెట్ దానితోపాటే రద్దవుతుంది, క్యూఆర్ కోడ్ పనిచేయదు. ఆ సంగతి సెమినార్ రోజు ఉదయం ప్రవేశద్వారం దగ్గర కోడ్ స్కాన్ చేసినప్పుడే బయటపడుతుంది. అలాగే పెండింగ్‌లో ఉన్న SEM-20418ని సరిచేయబోయి "Confirmed"గా మార్చకండి. రెండో సీటు, రెండో ఇన్‌వాయిస్ పుట్టుకొస్తాయి. డబ్బు వెనక్కి వేశాక ఆ ఆర్డర్‌ను మూసేసి, దాని కింద సీటు ఆగి ఉంటే వదిలేయండి. ఇప్పటికే ఇన్‌వాయిస్ తయారైపోయి ఉంటే దానికి క్రెడిట్ నోట్ పంపండి.

వాపసు 2,400 పూర్తిగా రావాలి. గేట్‌వే రుసుము మీకు తిరిగి రాకపోవచ్చు, కానీ రెండో కోత నా వల్ల జరిగింది కాదు, ఆ రుసుమును నా డబ్బులో తగ్గించవద్దు. తర్వాతి సెమినార్‌కు వాడుకునే కూపన్ గానీ, వేరే ఖాతాకు బదిలీ గానీ నాకు వద్దు. డబ్బు ఏ కార్డు నుంచి వెళ్లిందో ఆ కార్డుకే రావాలి. అప్పుడే మీ లెక్కల్లోనూ నా స్టేట్‌మెంట్‌లోనూ జత సరిపోతుంది.

రిఫండ్ చేసిన రోజున తేదీ, మొత్తం, ఏఆర్ఎన్ మెయిల్ చేయండి. ఏఆర్ఎన్ అంటే గేట్‌వే ఇచ్చే 23 అంకెల రిఫరెన్సు. 'చేసేశాం' అన్న ఒక్క మాటతో మా బ్యాంకు వెతకలేదు, ఆ నంబరు ఉంటే డబ్బు ఎక్కడ ఆగిందో చెప్పగలదు. వెంటనే రాకపోతే కొన్ని రోజులు ఆలస్యం కావచ్చునని కూడా నాకు తెలుసు, నంబరు చేతిలో ఉంటే ఆగుతాను.

మార్చి 24, సోమవారంలోపు ఈ లేఖ అందినట్టు, రిఫండ్ ఎవరు చూస్తున్నారో తెలుపుతూ జవాబు ఇవ్వండి. మార్చి 28 నాటికి రిఫండ్ మొదలుకాకపోతే బ్యాంకులో ఒకే కొనుగోలుకు రెండుసార్లు వసూలు అని ఫిర్యాదు పెడతాను. ఇప్పటిదాకా పెట్టలేదు. కావాలనే ఆగాను: బ్యాంకు ఫిర్యాదు, మీ రిఫండ్ రెండూ ఒకేసారి నడిస్తే డబ్బు రెండుసార్లు వెనక్కి వచ్చి ఇంకో చిక్కు మొదలవుతుంది, పైగా ఆ ఫిర్యాదుకు గేట్‌వే మీ మీద విడిగా రుసుము వేయవచ్చు. మీరు మొదలుపెట్టినట్టు తెలిస్తే నేను బ్యాంకుకు వెళ్లను.

జవాబు ఈ మెయిల్‌కే ఇవ్వండి. ఫోన్ చేసినా, చెప్పింది మెయిల్‌లో రాసి పంపండి.

ఇట్లు,
మాధవి
(ఆర్డర్ SEM-20423, ఒక సీటు)

జతపరచినవి:
1. మార్చి 14 నుంచి 18 వరకు కార్డు స్టేట్‌మెంట్, ఈ రెండు వరుసలు తప్ప మిగతావి కప్పి
2. బ్యాంకు నుంచి వచ్చిన రెండు మెసేజ్‌ల స్క్రీన్‌షాట్
3. SEM-20423 టికెట్ మెయిల్ (క్యూఆర్ కోడ్ కనబడకుండా చేశాను)
4. రెండు ఆర్డర్లూ కనిపించే "My Bookings" పేజీ స్క్రీన్‌షాట్