విషయం: ఎలక్ట్రానిక్ తంబూరా డెమో వీడియోకు పొరపాటున తీసేసిన ఆడియోను తిరిగి ఇవ్వడం గురించి

రాజమహేంద్రవరం,
21 నవంబర్ 2025

సపోర్ట్ విభాగం, గ్రీవెన్స్ ఆఫీసర్ గార్లకు,

నమస్కారం. దేవీచౌక్ దగ్గర మాకు చిన్న సంగీత వాయిద్యాల దుకాణం ఉంది. హార్మోనియంలు, శ్రుతిపెట్టెలు, తబలాలు అమ్ముతాం, రిపేర్లు కూడా చేస్తాం. మా చానెల్‌లో ఈ నెల 12న ‘ఎలక్ట్రానిక్ తంబూరా: శ్రుతి ఎలా పెట్టుకోవాలి’ అనే వీడియో పెట్టాను. నిడివి 4 నిమిషాల 20 సెకన్లు. 14వ తేదీ ఉదయానికల్లా అందులో శబ్దం మొత్తం పోయింది. వేరొకరి పాట వాడానని, 0:52 నుంచి 2:40 వరకు ఆ పాటతో సరిపోలిందని మీ మెయిల్‌లో ఉంది. ఆ పాట ఏమిటా అని తెరిచి విన్నాను. ధ్యానం చేసుకునేవాళ్ల కోసం ఎవరో పెట్టిన గంట సేపటి తంబూరా నాదం అది. పాట లేదు, రాగం లేదు. ప-స-స-స అని నాలుగు తీగలు అదే పనిగా మోగుతుంటాయి, అంతే.

ఇక్కడ జరిగింది చెప్తాను. ఈ తరహా పెట్టెల్లో తీగలేమీ ఉండవు. అసలు తంబూరా తీగ మీటినప్పుడు వచ్చే నాదాన్ని కంపెనీవాళ్లు ఒకసారి రికార్డు చేసి చిప్‌లో పెడతారు. స్విచ్ వేస్తే ఆ నాదమే మనం పెట్టిన శ్రుతిలో, మనం పెట్టిన వేగంతో తిరిగి తిరిగి వస్తుంది. ఒక మోడల్ పెట్టె రాజమండ్రిలో మోగినా, చెన్నైలో మోగినా, డల్లాస్‌లో మోగినా ఒకేలా ఉంటుంది. అలా ఉండాలనే జనం కొంటారు. ఆ ధ్యానం ఆల్బం చేసినవారి దగ్గర కూడా ఇదే మోడల్ ఉండి ఉంటుంది. వారు ఒకటిన్నర శ్రుతిలో పెట్టి రికార్డు చేశారు. నేను కూడా వీడియోలో ముందు ఒకటిన్నరే పెట్టాను, ఎందుకంటే మా దగ్గరికి వచ్చే మగవాళ్లలో చాలామంది అడిగేది అదే. మీ యంత్రానికి రెండూ ఒకటిగా వినిపించాయి. వినిపించడంలో తప్పు లేదు. ఒకటి ఇంకోదాన్నుంచి కాపీ అయిందనుకోవడమే తప్పు.

ఇది నా ఊహ మాత్రమే కాదని తేల్చుకోవడానికి, సీలు తీయని ఇంకో పెట్టె తెరిచి, అదే శ్రుతిలో కాసేపు మోగించి, ఎవరికీ కనిపించకుండా అప్‌లోడ్ చేశాను. మాట లేదు, మరో వాయిద్యం లేదు. దాని మీద కూడా అదే ఆల్బం పేరుతో అదే క్లెయిమ్ పడింది. ఆ వీడియో ఇప్పటికీ నా అకౌంట్‌లోనే ఉంది, చూసుకోవచ్చు. అంటే ఈ క్లెయిమ్ ఇప్పుడు నా వీడియో మీద కాదు, ఆ మోడల్ పెట్టె కొన్న ప్రతి ఒక్కరి మీదా ఉన్నట్టు. వెనకాల తంబూరా పెట్టుకుని పిల్లలకు సరళీ స్వరాలు నేర్పే టీచర్ల గతి ఏమిటో నాకు అర్థం కావడం లేదు.

1957 కాపీరైట్ చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగ్ మీద హక్కు ఆ రికార్డింగ్ వరకే. ఇంకొకరు తమ పెట్టె తాము మోగించి విడిగా రికార్డు చేసుకుంటే అది కాపీ కిందికి రాదు. చిప్‌లోని నాదం మీద హక్కంటూ ఒకటి ఉంటే అది పెట్టె తయారుచేసిన కంపెనీది. ఆ కంపెనీ సరుకే నేను బిల్లు మీద కొని అమ్ముతున్నాను. కొనుగోలు బిల్లు కాపీ జతచేశాను.

వీడియో దయచేసి ఒక మనిషి వినండి. ఫోన్‌లో తీసిన అసలు ఫైల్ `tambura_demo_raw.mp4` పంపుతున్నాను. 1:05 దగ్గర నేను నాబ్ తిప్పిన టిక్కు వినిపిస్తుంది. 1:18 దగ్గర బయట ఆటో హారన్ ఉంది. 1:40 నుంచి ఫైన్ ట్యూనింగ్ కొంచెం కిందికి దించి, హార్మోనియంతో కలవకపోతే చెవికి ఎలా తెలుస్తుందో చూపించి, మళ్లీ కలిపాను. 2:40 తర్వాత ఆడవాళ్ల గొంతు కోసం ఐదున్నరకు మార్చాను, మీ యంత్రం పట్టుకున్నది సరిగ్గా అక్కడే ఆగిపోయింది. ఆ ఆల్బంలో శ్రుతి మొదటినుంచి చివరిదాకా మారదు. దాన్నుంచి ఎత్తిందే అయితే ఈ హెచ్చుతగ్గులు ఎక్కడినుంచి వస్తాయి?

ఇంకో బాధ ఏమిటంటే, సరిపోలిందని మీరన్నది 1 నిమిషం 48 సెకన్లు, తీసేసింది మొత్తం ఆడియో. పంచమం లేని రాగాలకు స్విచ్ మధ్యమం మీదికి ఎలా మార్చాలో, అమెరికా తీసుకెళ్లేవాళ్లు 110 వోల్టుల దగ్గర ఏం చూసుకోవాలో తెలుగులో చెప్పిన నా మాటలు కూడా పోయాయి. ఇప్పుడు వీడియోలో నేను పెదాలు ఆడిస్తూ ఒక పెట్టెను చూపిస్తుంటాను. చూసినవాళ్లు ‘పెట్టె పనిచేయట్లేదా అండీ?’ అని వాట్సాప్‌లో అడుగుతున్నారు. శబ్దం అమ్ముకునే దుకాణానికి ఇంతకంటే చెడ్డ ప్రచారం ఉండదు.

14వ తేదీనే అప్పీలు పెట్టాను. 17న ‘క్లెయిమ్ చేసినవారు పరిశీలించారు, క్లెయిమ్ కొనసాగుతుంది’ అని ఒక్క వాక్యం వచ్చింది. ఎవరి మీద ఫిర్యాదు చేశానో వారే తీర్పు ఇచ్చారన్నమాట. మళ్లీ అప్పీలు చేసి ఓడిపోతే చానెల్‌కు స్ట్రైక్ పడవచ్చని కింద హెచ్చరిక. ఆ భయంతోనే ఆ బటన్ నొక్కకుండా ఈ ఉత్తరం రాస్తున్నాను. మీరు సూచించిన మిగతా దారులు కూడా చూశాను. ఆ భాగం కత్తిరించమన్నారు, లేదా మీ లైబ్రరీలోని సంగీతం పెట్టుకోమన్నారు. తంబూరా డెమోలోంచి తంబూరా నాదం తీసేసి గిటార్ మ్యూజిక్ పెడితే కొనేవాళ్లు ఏం విని కొంటారు?

నేను కోరేది మూడు పనులు. మొదటిది, ఆ క్లెయిమ్ ఎత్తేసి నా వీడియోకు అసలు ఆడియో తిరిగి ఇవ్వండి. రెండోది, నా చానెల్ మీద దీని తాలూకు గుర్తు ఏదీ మిగలకుండా చూడండి. మూడోది నా ఒక్కడి కోసం కాదు: ఉత్త తంబూరా నాదాన్ని మీ సరిపోల్చే జాబితాలోంచి తీసేయండి. ఆ ఆల్బం చేసినవారి మీద నాకు కోపమేమీ లేదు. వారి ఆల్బం వారు అమ్ముకోవచ్చు. కానీ బజార్లో దొరికే పెట్టె ఎవరు మోగించినా వారి పేరే చెప్పాలంటే కుదరదు.

2021 ఐటీ నియమాల ప్రకారం ఈ ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో తెలియజేయాలి, గడువులోగా పరిష్కరించాలి. అలా జరగకపోయినా, జవాబు సరిగా లేకపోయినా గ్రీవెన్స్ అప్పీలేట్ కమిటీకి వెళతాను. అంతదాకా రాకూడదనే నా కోరిక. డిసెంబర్ 16న ధనుర్మాసం మొదలవుతుంది. భజన సమాజాలవాళ్లు కొత్త పెట్టెల కోసం అడగడం అప్పుడే మొదలు. ఆ వెంటనే జనవరిలో త్యాగరాజ ఆరాధనలు. ఏడాదిలో మా అమ్మకాలు ఎక్కువగా జరిగే రోజులివి, వీడియో అవసరం కూడా ఇప్పుడే.

ఏదైనా సందేహం ఉంటే ఈ మెయిల్‌కే జవాబివ్వండి. ఫోన్ చేసేటట్టయితే సాయంత్రం ఐదు లోపు చేయండి, ఆ తర్వాత కొట్టులో హార్మోనియంలు ట్యూన్ చేస్తుంటాం, మాట వినపడదు. కావాలంటే వీడియో కాల్‌లో పెట్టె మీ ముందే మోగించి చూపిస్తాను.

ఇట్లు,
సత్యనారాయణ
యజమాని, నాదవల్లి వాయిద్యాల దుకాణం
దేవీచౌక్ దగ్గర, రాజమహేంద్రవరం

జతచేసినవి: అసలు వీడియో ఫైల్, కంపెనీ కొనుగోలు బిల్లు కాపీ, 14, 17 తేదీల్లో మీనుంచి వచ్చిన మెయిళ్ల స్క్రీన్‌షాట్లు.