గ్రంథాలయ భవన నిధి: చందా రాసిన సభ్యులకు ఒక మనవి

20 నవంబరు 2025

భవన నిధికి చందా రాసిన మన గ్రంథాలయ సభ్యులకు నమస్కారం.

ఈ ఉత్తరం 43 మందికి వెళ్తోంది. వీళ్లలో నాకు వరసకు బాబాయిలున్నారు, ఎక్కాలు నేర్పిన మాస్టారున్నారు, నాతో కలిసి కాలవలో ఈత కొట్టినవాళ్లున్నారు. అందుకే దసరా వెళ్లినప్పటి నుంచి రాద్దామనుకుంటూనే మొహమాటంతో వాయిదా వేస్తూ వచ్చాను. కోశాధికారి పనికి మొహమాటం పనికిరాదని మా ఇంట్లో వాళ్లు అంటూనే ఉన్నారు.

ఇవాళ గ్రంథాలయ వారోత్సవాల ఆఖరి రోజు. సాయంత్రం పిల్లలకు పుస్తకం చదివి కథ చెప్పే పోటీ పెడితే 31 మంది వచ్చారు. పుస్తకాలున్న ఆ అద్దె గదిలో పట్టేది పన్నెండు మంది. మిగతావాళ్లను రామాలయం అరుగు మీద కూర్చోబెట్టాం. భజన మొదలయ్యే వేళకు పోటీ సగంలో ఆపి లేపేయాల్సి వచ్చింది. నాలుగో తరగతి పిల్ల ఒకతి, తన వంతు రాలేదని పుస్తకం గుండెలకు హత్తుకుని అలిగి నిలబడింది. ఇంటికొచ్చి అన్నం తిని ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

2024 ఉగాది నాడు, అంటే ఏప్రిల్ 9న, పంచాంగ శ్రవణం అయ్యాక అందరం కూర్చుని చందాలు రాసుకున్న సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. మొత్తం 126 మంది, 34,60,000 రూపాయలు రాశారు. సగం 2025 ఉగాదికి, సగం దసరాకి ఇచ్చేలా అనుకున్నాం. ఇప్పటివరకు చేతికి వచ్చింది 21,85,000. పునాదులు, స్తంభాలు, గోడలు, లింటెల్ వరకు అయిన ఖర్చు 17,92,000. బ్యాంకులో ఉన్నది 3,93,000. రావాల్సింది 12,75,000. అంచనా 39 లక్షలు కాబట్టి అందరూ ఇచ్చినా ఇంకో 4,40,000 తక్కువే. అది బీరువాలూ బల్లల లెక్క, వాటి సంగతి కప్పు పడ్డాక చూసుకుందాం.

ఇప్పుడు ఎందుకు అడుగుతున్నానంటే, ముందున్నది స్లాబు పని. ఇన్నాళ్లూ డబ్బు వచ్చినప్పుడల్లా పని చేయించాం, రానప్పుడు ఆపాం, ఎవరికీ ఇబ్బంది లేకపోయింది. స్లాబుకు అలా కుదరదు. మన మేస్త్రీ మాటల్లోనే చెప్తాను: "గోడైతే ఆగి ఆగి కట్టుకోవచ్చండీ. స్లాబుకి పొద్దున మిల్లరు తిరిగిందంటే ఆఖరి తట్ట పడేదాకా ఆగకూడదు. సగం ఇవాళా సగం వచ్చే నెలా పోశామంటే ఆ అతుకులోంచి జీవితాంతం నీళ్లు కారతాయి." పుస్తకాలుండే ఇంటికి నీళ్లు కారే కప్పు వేయడం ఎవరికిష్టం? అందుకని మొత్తం సొమ్ము చేతిలో పెట్టుకునే సెంట్రింగు మొదలుపెట్టాలి.

1,800 చదరపు అడుగుల స్లాబుకు మేస్త్రీ, ఇంజనీరు గారు కలిసి వేసిన లెక్క 6,40,000. అందులో ఇనుము 2,05,000, సిమెంటు 72,000, కంకర, ఇసుక 78,000, సెంట్రింగు, కూలీలు, మిల్లరు, వైబ్రేటరు కలిపి 2,45,000, కరెంటు పైపులూ ఇతరాలూ 40,000. ఇసుక ఉచితం కదా అని కొందరు అడిగారు. ఇసుక ఉచితమే, ట్రాక్టరు ఉచితం కాదు. చేతిలో ఉన్నది పోను స్లాబుకు తగ్గేది 2,47,000. అంటే రావాల్సిన దాంట్లో అయిదో వంతు వస్తే చాలు, కప్పు పడుతుంది. మిగతాది ప్లాస్టరింగుకు, తలుపులు, కిటికీలకు, నేలకు సంక్రాంతి తర్వాత నిదానంగా కావాలి.

స్థలం దగ్గరికి ఈ మధ్య వెళ్లనివాళ్ల కోసం ఒక్క మాట. స్తంభాల పైన నిలబడి ఉన్న ఊచలు వానకు తుప్పు పట్టకుండా మేస్త్రీ సిమెంటు పాలు పూసి, ఎరువుల సంచులు తొడిగి, సుతిలి తాడుతో కట్టాడు. దూరం నుంచి చూస్తే పొలంలో దిష్టిబొమ్మలు బారుగా నిలబడ్డట్టుంటాయి. మొంథా తుపాను రాత్రి సగం సంచులు ఎగిరిపోయాయి. మర్నాడు పొద్దున్నే చూస్తే కుర్రాళ్లిద్దరు ఎవరూ చెప్పకుండానే ఎక్కి కొత్త సంచులు కడుతున్నారు. అదే రాత్రి ఇటు అద్దె గదిలో రేకుల సందునుంచి కారిన నీళ్లకు పాత వారపత్రికల బైండ్లు పద్నాలుగు తడిసిపోయాయి. పేజీ పేజీకీ మధ్య కాగితం పెట్టి మా డాబా మీద ఆరబెడితే తొమ్మిది దక్కాయి.

కొల్లూరు నుంచి పెదవడ్లపూడి దాకా 1935లోనే పడవలో పుస్తకాలు పెట్టుకుని ఊరూరా తిప్పిన ప్రాంతం మనది. అప్పుడు పడవ మీద కప్పు ఉండేది కదా అని మా అధ్యక్షులవారు ఎగతాళి చేస్తుంటారు.

ఇక అసలు విషయం. మీరు రాసిన చందా కాగితం జిరాక్సు, ఇప్పటివరకు మీరు కట్టింది, ఇంకా ఉన్నది రాసిన చీటీ ఈ ఉత్తరంతో జతచేశాను. ఈ 43 మందిలో 17 మంది మొదటి విడత కట్టినవాళ్లే. దయచేసి దీన్ని బాకీ నోటీసు అనుకోవద్దు. చందా అప్పు కాదు, మీ అంతట మీరు ఇష్టంగా అన్న మాట. ఆనాడు రాసేటప్పుడు ఉన్న పరిస్థితి ఇవాళ ఉండకపోవచ్చు. ఇంట్లో పెళ్లిళ్లు, ఆస్పత్రులు, పిల్లల ఫీజులు నాకూ ఉన్నాయి.

ముఖ్యంగా రైతులకు. తుపానుకు చేలు పడిపోయినవాళ్లు ఎవరెవరో ఊళ్లో అందరికీ తెలుసు. పడిన చేను కోయించడానికి ఎకరానికి ఎంతవుతోందో కూడా తెలుసు. మీరు ఇప్పుడు స్లాబు గురించి ఆలోచించొద్దు. ధాన్యం అమ్ముకుని, అప్పులు తీర్చుకుని, ఇంకా మిగిలితే ఉగాదికి చూద్దాం. ఈ ఉత్తరం మీకు కూడా పంపడానికి కారణం ఒకటే, మీకు చెప్పకుండా మీ పేరు పక్కన పెట్టేశామని మీరు బాధపడకూడదని.

మిగతావాళ్లను నేను కోరేది డబ్బుకంటే ముందు ఒక మాట. నవంబరు 30, ఆదివారం లోపు ఫోన్ చేసో, మెసేజ్ పెట్టో, ఎదురుపడ్డప్పుడో చెప్పండి: ఇప్పుడు ఎంత ఇవ్వగలరు, ఎప్పుడు, మిగతాది ఎప్పటికి. రాసిన 25,000 లో 10,000 మాత్రమే కుదురుతుందంటే అదే చెప్పండి, కాగితం మీద దిద్దుకుంటాను. అసలే కుదరదన్నా సరే, ఎందుకని అడగను. నాకు ఇబ్బంది కలిగించేది "లేదు" అనే మాట కాదు, వస్తుందో రాదో తెలియని అంకె. దాన్ని నమ్ముకుని సెంట్రింగు వాళ్లకు అడ్వాన్సు ఇవ్వలేను, వదులుకుని పని ఆపలేను.

ఇవ్వగలిగినవాళ్లు డిసెంబరు 7 లోపు జమ చేస్తే, 14వ తేదీ ఆదివారం స్లాబు వేయాలని అనుకున్నాం. రెండు రోజుల్లో ధనుర్మాసం వచ్చేస్తుంది కాబట్టి పెద్దవాళ్లూ ఆ తేదీకే ఒప్పుకున్నారు. అప్పుడైతే సంక్రాంతికి హైదరాబాదు నుంచీ, బెంగళూరు నుంచీ వచ్చే మన పిల్లలు సెంట్రింగు విప్పిన కప్పు కింద నిలబడగలరు.

కట్టే పద్ధతి పాతదే. సంఘం ఖాతా నంబరు రసీదు పుస్తకం వెనక అట్ట మీద ఉంది, క్యూఆర్ కోడ్ గ్రంథాలయం తలుపు మీద అంటించి ఉంది. ఇంకెవరి ఫోన్‌కూ, నా ఫోన్‌కు కూడా, పంపకండి. పంపాక మీ పేరు చెప్తూ నాకొక మెసేజ్ పెట్టండి. ఎందుకంటే ఒకాయన ఆగస్టులో వాళ్లబ్బాయి ఖాతా నుంచి 20,000 పంపితే, ఆ పేరు ఎవరిదో తెలియక నేను రెండు నెలలు ఆయన్ని ఇవ్వనివాళ్ల జాబితాలోనే ఉంచాను. తప్పు నాది, ఇంటికెళ్లి క్షమాపణ చెప్పి రసీదు ఇచ్చి వచ్చాను. మీరు కట్టేసి కూడా ఈ ఉత్తరం అందుకుంటే అలాంటి పొరపాటే ఇంకోటి జరిగిందని అర్థం. తిట్టండి, కానీ చెప్పండి.

పన్ను మినహాయింపు కావాల్సినవాళ్లకు: మన సంఘానికి 80జీ ఉంది. 2,000 దాటిన నగదుకు అది వర్తించదు కాబట్టి చెక్కు గానీ ఆన్‌లైన్ గానీ చేయండి, పాన్ నంబరు ఇవ్వండి. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే ఇది ఉపయోగం, కొత్త విధానంలో ఉన్నవాళ్లు ఆశ పెట్టుకోవద్దు. విదేశాల్లో ఉన్నవాళ్లలో ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సొంత సొమ్ము మామూలుగా బ్యాంకు ద్వారా పంపొచ్చు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు మాత్రం, ఓసీఐ కార్డు ఉన్నా సరే, దయచేసి పంపకండి. మనకు ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ లేదు, తీసుకుంటే చట్టవిరుద్ధం. అలా చందా రాసినవారు ఇద్దరున్నారు, వారి పేర్లు జాబితాలోంచి తీసేశాం, వారి మీద మాకు ప్రేమేమీ తగ్గలేదు.

డబ్బుకు బదులు సిమెంటు ఇస్తామన్నవాళ్లు ముగ్గురున్నారు. సంతోషం. కానీ ఇప్పుడే కొని ఇంట్లో పెట్టకండి, ఈ చెమ్మకు బస్తాలు గడ్డకడతాయి. స్లాబుకు రెండు రోజుల ముందు మేస్త్రీ చెప్పిన రకమే నేరుగా స్థలానికి దింపించండి. స్లాబు అయ్యాక రెండు వారాలు మళ్లు కట్టి నీళ్లు నిలపాలి. పొద్దునా సాయంత్రం మోటారు వేసే మనుషులు కావాలి. ఇచ్చేందుకు డబ్బు లేదని నొచ్చుకునేవాళ్లు ఆ వంతుల్లో ఒకటి తీసుకుంటే నా దృష్టిలో అదీ చందాయే, పుస్తకంలో అలాగే రాస్తాను.

ఇవ్వనివాళ్ల పేర్లు నోటీసు బోర్డు మీద పెడదామని కమిటీలో ఒక సూచన వచ్చింది. ఒప్పుకోలేదు. వాట్సాప్ గ్రూపులో కూడా ఎవరి పేరూ, అంకె రాదు. ఈ చీటీలోది మీకూ నాకూ మధ్యే. జమా ఖర్చుల పుస్తకం, బిల్లులు మాత్రం ఎవరైనా ఎప్పుడైనా చూడొచ్చు. రోజూ సాయంత్రం 5 నుంచి 7 దాకా పుస్తకంతో సహా గ్రంథాలయంలోనే ఉంటాను. ఇంటికి రమ్మంటే వస్తాను, టీ ఇస్తే తాగుతాను, చక్కెర వద్దు.

ఇట్లు,
మీ
కోశాధికారి,
గ్రంథాలయ భవన నిర్మాణ సంఘం

తా.క.: పోటీలో వంతు రాని పిల్లకు రేపు సాయంత్రం ఆరింటికి అద్దె గదిలోనే కథ చెప్పే అవకాశం ఇస్తున్నాం. చోటు పన్నెండు మందికే, త్వరగా రండి.