స్పోర్ట్స్ డే పోటీల నుంచి మా అమ్మాయికి మినహాయింపు కోరుతూ

తేదీ: 8 డిసెంబర్ 2025

గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులు గారికి,

నమస్కారం. నేను ఏడో తరగతి బి సెక్షన్‌లో చదువుతున్న కీర్తన తల్లిని. ఈ శనివారం, 13న జరిగే స్పోర్ట్స్ డేలో మా అమ్మాయి పేరు 4×100 రిలేకి, లాంగ్ జంప్‌కి ఉంది. ఆరోగ్య కారణాల వల్ల ఆ రెండింటి నుంచీ తనను మినహాయించాలని కోరుతున్నాను.

అక్టోబర్‌లో సైకిల్ మీంచి పడి కీర్తన కుడి చెయ్యి విరిగిన సంగతి మీకు తెలిసిందే. ముంజేతిలో ఉండే రెండు ఎముకలూ విరిగాయి. నవంబర్ 28న కట్టు విప్పారు. ఎక్స్‌రేలో ఎముక అతుక్కున్నట్టు కనిపిస్తున్నా, ఇంకా పూర్తిగా గట్టిపడలేదని, ఈ దశలో చెయ్యి మీద బరువు పడేలా పడితే మళ్ళీ అక్కడే విరిగే ప్రమాదం ఉందని డాక్టర్ గారు చెప్పారు. జనవరి నెలాఖరు దాకా పరుగు, దూకడం, తోపులాట ఉండే ఆటలేవీ వద్దన్నారు. ఆయన రాసిచ్చిన మెడికల్ సర్టిఫికెట్‌నూ ఎక్స్‌రే రిపోర్ట్ కాపీనీ దీంతో జత చేస్తున్నాను.

పైకి చూస్తే చెయ్యి బాగానే ఉన్నట్టుంటుంది. రాసుకుంటుంది, పుస్తకాలు సర్దుకుంటుంది. కానీ కుడి చెయ్యి ఎడమదానికంటే సన్నబడింది. నీళ్ళ బాటిల్ మూత ఇప్పటికీ ఎడమ చేత్తోనే తిప్పుతోంది. రిలేలో బ్యాటన్ అందుకునే చోట పిల్లలు ఒకరి మీద ఒకరు పడటం మామూలే. లాంగ్ జంప్‌లోనైతే ఇసుకలో పడగానే ఎవరైనా చేతులే ఆనిస్తారు. నా భయమంతా అదే.

ఇంకొక మాట. రిలేలో చివరి రౌండ్ తనదేనని కీర్తన ఎప్పటి నుంచో ఆశ పెట్టుకుంది. ఆ రోజు గ్రౌండ్‌లో "నాకేం నొప్పి లేదు సార్, ఒక్కసారి పరిగెత్తుతాను" అని అడిగినా అడుగుతుంది. తను ఎంత బతిమాలినా దయచేసి ఒప్పుకోవద్దని ఆటల సార్‌కి చెప్పగలరు. టీమ్‌కి ఇబ్బంది కాకుండా, తన బదులు పరిగెత్తే అమ్మాయిని ముందే తీసుకుంటారనే ఈ ఉత్తరం ఈరోజే రాస్తున్నాను.

ఆ రోజు తను స్కూల్‌కి తప్పకుండా వస్తుంది. మార్చ్‌పాస్ట్‌లో నడవడానికి డాక్టర్ గారు అభ్యంతరం చెప్పలేదు. ఆ తర్వాత ఒక పక్కన ఊరికే కూర్చోబెట్టకుండా, స్కోర్లు రాయడమో, పోటీల పేర్లు మైక్‌లో చదవడమో తనకు అప్పగిస్తే చాలా సంతోషిస్తుంది. బెంచీలు, కుర్చీలు మోసే పని మాత్రం చెప్పవద్దు. చెయ్యి నొప్పి పుట్టినా, వాచినా వెంటనే నాకు ఫోన్ చేయించండి. నంబర్ తన డైరీ మొదటి పేజీలో ఉంది.

జనవరి చివర్లో మళ్ళీ ఎక్స్‌రే తీస్తారు. డాక్టర్ గారు సరేనన్నాక ఆటల పీరియడ్‌కి పంపే ముందు రాతపూర్వకంగా తెలియజేస్తాను. అప్పటిదాకా ఆ పీరియడ్‌లోనూ తనకు ఇదే మినహాయింపు ఇవ్వగలరని మనవి.

ఇట్లు,
కీర్తన తల్లి
(7వ తరగతి, బి సెక్షన్, రోల్ నంబర్ 17)

జత చేసినవి: మెడికల్ సర్టిఫికెట్, ఎక్స్‌రే రిపోర్ట్ కాపీ