అసైన్‌మెంట్: ఎఫ్‌సీఎఫ్‌ఎస్, రౌండ్ రాబిన్ షెడ్యూలింగ్ పోలిక

ప్రశ్న: కింది నాలుగు ప్రాసెస్‌లను ఒకే సీపీయూ మీద రెండు పద్ధతుల్లోనూ షెడ్యూల్ చేసి, గాంట్ చార్టులు గీసి, సగటు వెయిటింగ్ టైమ్‌లను పోల్చండి. టైమ్ క్వాంటమ్ 4 మిల్లీసెకన్లు.

| ప్రాసెస్ | అరైవల్ | బర్స్ట్ |
|---|---|---|
| P1 | 0 | 10 |
| P2 | 1 | 3 |
| P3 | 4 | 2 |
| P4 | 5 | 6 |

జవాబు

ఐ/ఓ లేదనీ, కాంటెక్స్ట్ స్విచ్‌కు సమయం పట్టదనీ అనుకున్నాం. ఒక ప్రాసెస్ క్వాంటమ్ ముగిసిన క్షణంలోనే కొత్తది వస్తే, రెడీ క్యూలో కొత్తదే ముందు చేరుతుంది. ఈ నియమం ముందే రాయకపోతే జవాబు నిలవదు. కారణం కింద ఉంది.

ఎఫ్‌సీఎఫ్‌ఎస్:

```
| P1 | P2 | P3 | P4 |
0    10   13   15   21
```

వెయిటింగ్ = ముగింపు − అరైవల్ − బర్స్ట్. P1: 0, P2: 9, P3: 9, P4: 10. సగటు 28/4 = 7 మిల్లీసెకన్లు. 2 మిల్లీసెకన్ల పని ఉన్న P3, పొడవైన P1 వెనక ఇరుక్కుని 9 మిల్లీసెకన్లు ఆగింది. కాన్వాయ్ ఎఫెక్ట్ అంటే ఇదే.

రౌండ్ రాబిన్:

```
| P1 | P2 | P3 | P1 | P4 | P1 | P4 |
0    4    7    9    13   17   19   21
```

P2 క్వాంటమ్‌లో ఇంకో 1 మిల్లీసెకను మిగిలినా అది 7 దగ్గరే ముగిసింది. మిగిలిన సమయం వృథాగా పోదు, వెంటనే P3 మొదలవుతుంది.

P1: 19−0−10 = 9
P2: 7−1−3 = 3
P3: 9−4−2 = 3
P4: 21−5−6 = 10

సగటు 25/4 = 6.25 మిల్లీసెకన్లు.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు, మొదటిసారి సీపీయూ దొరికిన సమయంలోంచి అరైవల్ తీసేసి దాన్నే వెయిటింగ్ అనుకోవడం. అలా చేస్తే 0, 3, 3, 8 వచ్చి సగటు 3.5 అవుతుంది. అది రెస్పాన్స్ టైమ్. P1 మధ్యలో రెండుసార్లు క్యూలో నిలబడిన 9 మిల్లీసెకన్లు అందులో లెక్కకు రావు.

ఇక సమయం 4 దగ్గర. P3 రావడం, P1 క్వాంటమ్ ముగియడం ఒకేసారి జరిగాయి. P1ను ముందు పెడితే అది 7 నుంచి 11 దాకా నడుస్తుంది, P3 11 దాకా ఆగుతుంది. P3 వెయిటింగ్ 3 నుంచి 7కు పెరుగుతుంది, మిగతావి మారవు. సగటు 29/4 = 7.25, అంటే ఎఫ్‌సీఎఫ్‌ఎస్ కన్నా ఎక్కువ. ఒక్క నియమం మారితే గెలుపోటములే తారుమారయ్యాయి.

పోలిక: సగటు వెయిటింగ్‌లో తేడా 0.75 మాత్రమే. రౌండ్ రాబిన్ అసలు లాభం రెస్పాన్స్‌లో ఉంది: 7 నుంచి 3.5కు తగ్గింది. అందుకు మూల్యం స్విచ్‌లు. ఎఫ్‌సీఎఫ్‌ఎస్‌లో 3, ఇక్కడ 6. ఒక్కో స్విచ్‌కు 1 మిల్లీసెకను వేస్తే (నిజానికి అంత పట్టదు) సగటు వెయిటింగ్‌లు 8.5, 9.75 అవుతాయి, రౌండ్ రాబిన్ వెనకబడుతుంది. క్వాంటమ్‌ను 10కి పెంచితే ఏ ప్రాసెస్‌కూ మధ్యలో ఆటంకం రాదు, రెండు చార్టులూ ఒకటే అవుతాయి.