విషయం: సైట్ లాంచ్ అయ్యాక హోస్టింగ్, మెయింటెనెన్స్ ఖర్చులు, నా ప్రపోజల్

పద్మజ గారూ, నమస్కారం.

మొన్న ఫోన్లో రెండు విషయాలు అడిగారు. మీ చీరల సైట్ మొదలయ్యాక ఏడాదికి మొత్తం ఎంత పెట్టుకోవాలి, మీరు పంపిన స్క్రీన్‌షాట్‌లో నెలకి 149 రూపాయల హోస్టింగ్ కనబడుతుంటే అంతకంటే ఎక్కువ ఎందుకు కట్టాలి అని. ముందు అంకె చెప్పేస్తాను, కారణాలు తర్వాత చదువుకోవచ్చు. నేను చెప్పే పద్ధతిలో ఏడాదికి హోస్టింగ్ సుమారు 18,400, డొమైన్ ఓ వెయ్యి, మెయింటెనెన్స్ 50,000, మొత్తం 70 వేల లోపు. ఇందులో పెద్ద భాగం మెయింటెనెన్సే, కావాలనే అలా పెట్టాను. మన సైట్‌కి సర్వర్ సైజు కంటే దాన్ని రోజూ ఎవరు చూసుకుంటున్నారన్నదే ముఖ్యం.

ఆ 149 ప్లాన్ సంగతి. ఆ రేటు మూడేళ్ళ డబ్బు ఒకేసారి కడితేనే వస్తుంది. అంటే ఈరోజు 5,364, పైన 18 శాతం జీఎస్టీ కలిపి సుమారు 6,330. స్క్రీన్‌షాట్‌లో కింద సన్న అక్షరాల్లో రెన్యువల్ నెలకి 449 అని ఉంది చూడండి, ఆ లెక్కన తర్వాతి మూడేళ్ళకి జీఎస్టీతో 19 వేలు దాటుతుంది. అయినా సరే, అది చవకే, కాదనను. డాక్టరు గారి క్లినిక్‌కో, ట్యూషన్ సెంటర్‌కో నాలుగు పేజీల సైట్ అయితే నేనే తీసుకోమని చెప్తాను.

మనది అలాంటి సైట్ కాదు. మీ అమ్మకం ఎలా జరుగుతుందో నాకు తెలుసు కాబట్టి ఈ మాట గట్టిగా చెప్తున్నాను. ఉదయం పదకొండింటికి కొత్త స్టాక్ ఫోటోలు వాట్సాప్ గ్రూపుల్లో పెడతారు, ఐదు నిమిషాల్లో రెండొందల మంది ఒకేసారి లింక్ నొక్కుతారు, పది నిమిషాల్లో మంచి రంగులన్నీ అయిపోతాయి, ఆ తర్వాత రోజంతా సైట్ ఖాళీగా ఉంటుంది. చీరల పేజీలు అందరికీ ఒకేలా కనబడతాయి కాబట్టి వాటిని ముందే తయారుచేసి పెట్టుకుని అందించొచ్చు, దాంతో సర్వర్‌కి పెద్ద పని ఉండదు. కార్ట్, చెకౌట్ పేజీలు మాత్రం మనిషికొకటి, ఎప్పటికప్పుడు కొత్తగా తయారవ్వాలి. ఒకే సర్వర్ మీద వందల సైట్లు పెట్టే చవక ప్లాన్లలో ఒక సైట్ ఒకేసారి ఎన్ని పనులు చేయొచ్చో పరిమితి పెడతారు. పదకొండు గంటలకి మనం తగిలేది సరిగ్గా ఆ పరిమితికే.

తగిలితే ఏమవుతుందో ఒక్క చీర ఉదాహరణతో చెప్తాను. మీ దగ్గర చాలా చీరలు ఒక్కో రంగు ఒక్కో పీసే కదా. ఒకావిడ ఆ నిజాం బోర్డర్ కాటన్ చీర కార్ట్‌లో వేసి యూపీఐలో డబ్బు కట్టేసింది. పేమెంట్ కంపెనీ నుంచి 'డబ్బు వచ్చింది' అనే కబురు మన సైట్‌కి రావాలి. సరిగ్గా అప్పుడే సర్వర్ ఊపిరాడక ఉంటే ఆ కబురు అందదు, లేదా చాలా ఆలస్యంగా అందుతుంది. ఆర్డర్ పక్కన 'పేమెంట్ పెండింగ్' అనే ఉంటుంది. మన సైట్ నడిచేది వర్డ్‌ప్రెస్ మీద, అందులో అమ్మకాలు చూసుకునే ప్లగిన్ వూకామర్స్. దాంట్లో డబ్బు రాని ఆర్డర్ కోసం స్టాక్‌ని 60 నిమిషాలు పట్టి ఉంచి, తర్వాత ఆర్డర్ క్యాన్సిల్ చేసి చీరని మళ్ళీ అమ్మకానికి పెట్టేసే సెట్టింగ్ ఉంది. అంటే డబ్బు కట్టిన ఆవిడకి చీర లేదు, అదే చీర ఇంకొకరు కొనేస్తారు. ఇద్దరి ఫోన్లూ మీకే వస్తాయి. ఆ టెన్షన్ మీకు వద్దు.

అందుకే నేను చెప్పేది మనకంటూ విడిగా ఒక చిన్న సర్వర్. సర్వర్లు అద్దెకిచ్చే డిజిటల్ ఓషన్ కంపెనీకి బెంగళూరులో డేటా సెంటర్ ఉంది, అందులో 2 జీబీ మెమరీ ఉన్న సర్వర్ నెలకి 12 డాలర్లు, దానికి వారానికోసారి బ్యాకప్ పెట్టుకుంటే ఇంకో 20 శాతం, మొత్తం 14.40 డాలర్లు. డాలర్‌ని 90 రూపాయలుగా లెక్కేసి, జీఎస్టీ కలిపితే నెలకి సుమారు 1,530, ఏడాదికి 18,350 చిల్లర. డాలర్ రేటు మారితే ఇదీ కాస్త అటూ ఇటూ అవుతుంది. ఏ నెలకి ఆ నెల కడతాం, మూడేళ్ళు కట్టుబడి ఉండాల్సిన పని లేదు. శ్రావణ మాసంలో, దసరాకి రద్దీ పెరిగితే ఆ కొన్ని వారాలకి 4 జీబీకి పెంచి, తర్వాత తగ్గించేయొచ్చు, పెంచినన్ని రోజులకే ఎక్కువ పడుతుంది. సగం ధరకి 1 జీబీది కూడా ఉంది కానీ డేటాబేస్‌కి పోగా మిగిలే మెమరీ మన పదకొండు గంటల రద్దీకి చాలదు, ఆ ఆరు డాలర్ల దగ్గర పొదుపు చేయొద్దు.

మేనేజ్డ్ వర్డ్‌ప్రెస్ హోస్టింగ్ అని ఇంకో రకం ఉంది, ఇదే సైజు సర్వర్‌ని వాళ్ళే చూసిపెడతారు. జీఎస్టీతో నెలకి రెండున్నర వేల నుంచి మూడు వేల దాకా అవుతుంది. మంచిదే. కానీ వాళ్ళు చూసేది సర్వర్‌ని, మన ఆర్డర్‌ని కాదు. పేమెంట్ ప్లగిన్ అప్‌డేట్ అయ్యాక చెకౌట్ బటన్ పని చేయకపోతే అది మీరు చూసుకోండి అంటారు. కాబట్టి అది తీసుకున్నా మెయింటెనెన్స్ మనిషి తప్పడు.

డల్లాస్‌లో ఉన్న మీ అబ్బాయి షాపిఫై సంగతి అడిగారని చెప్పారు, అది సరైన ప్రశ్నే, దాటేయను. అది సర్వర్‌తో సహా ఆన్‌లైన్ షాపు మొత్తం నెలవారీ అద్దెకిచ్చే సర్వీసు. బేసిక్ ప్లాన్ ఏడాదికి ఒకేసారి కడితే నెలకి దాదాపు 1,500 పడుతుంది, సర్వర్ గొడవ మనకి ఉండదు. అయితే షాపిఫై సొంత పేమెంట్ పద్ధతి ఇండియాలో లేదు, బయటి పేమెంట్ కంపెనీని, అంటే పేమెంట్ గేట్‌వేని పెట్టుకోవాలి, అలా పెట్టుకున్నందుకు బేసిక్ ప్లాన్‌లో ప్రతి అమ్మకం మీదా వాళ్ళు ఇంకో 2 శాతం తీసుకుంటారు. ఇప్పుడు వాట్సాప్‌లోనే నెలకి మూడు లక్షల దాకా అమ్ముతున్నామన్నారు కదా, అందులో 2 శాతం అంటే నెలకి ఆరు వేలు, ఏడాదికి 72 వేలు, ఈ ఒక్క ఫీజే నేను చెప్పిన మొత్తాన్ని దాటుతుంది. నెలకి లక్షే అమ్మేవాళ్ళకి షాపిఫైయే చవక, రెండు లక్షల దగ్గర రెండూ ఇంచుమించు సమానం. మీది ఆ గీత దాటేసింది, అదీ గాక సైట్ తయారైపోయింది, షాపిఫైకి మారితే మళ్ళీ మొదటి నుంచి తయారుచేసుకోవాలి. మీ అబ్బాయికి ఈ లెక్క చూపించండి, ఆయనకి సందేహం ఉంటే నేనే ఫోన్ చేసి మాట్లాడతాను.

ఏ హోస్టింగ్ తీసుకున్నా కొన్ని ఖర్చులు మారవు. పేమెంట్ గేట్‌వే 2 శాతం, దాని మీద జీఎస్టీ, అంటే ఐదు వేల చీరకి 118 రూపాయలు పోతాయి, ధర పెట్టేటప్పుడే ఇది చూసుకోండి. తాళం గుర్తు కోసం కావాల్సిన సర్టిఫికెట్ లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్ళు ఉచితంగా ఇస్తారు, గడువు అయిపోకముందే దానంతటదే రెన్యూ అయ్యేలా పెడతాను, ఎవరైనా ఫోన్ చేసి దానికి డబ్బు కట్టాలంటే కట్టొద్దు. ఆర్డర్ ఈమెయిళ్ళు బ్రెవో అనే ఈమెయిల్ సర్వీసు ద్వారా పంపిస్తాను, రోజుకి 300 దాకా ఉచితం, మనకి సరిపోతుంది.

ఇక మెయింటెనెన్స్. మూడు దారులున్నాయి.

మొదటిది, నెలవారీ ఏమీ ఉండదు, ఏదైనా ఆగిపోతే పిలుస్తారు, గంటకి 900. ఇది మీకు వద్దనే చెప్తాను. వర్డ్‌ప్రెస్ సైట్లలోకి దొంగలు చొరబడేది ఎక్కువగా నెలల తరబడి అప్‌డేట్ చేయని ప్లగిన్ల గుండానే, విరిగాక బాగుచేయడం ఎప్పుడూ ఎక్కువ ఖర్చు. పైగా మీరు పిలిచిన రోజు నేను ఇంకొకరి పనిలో ఉంటే సాయంత్రం దాకా ఆగాల్సి రావచ్చు.

రెండోది నెలకి 3,500. వారానికోసారి అప్‌డేట్లు, అవి నేరుగా మీ సైట్ మీద కాదు, ముందు దాని కాపీ మీద చేసి, ఒక చీర కార్ట్‌లో వేసి, టెస్ట్ పేమెంట్ చేసి, ఈమెయిల్ వచ్చిందో లేదో చూసి, అంతా బాగుంటేనే అసలు దాని మీద చేస్తాను. సర్వర్ కంపెనీ వారానికోసారి తీసే బ్యాకప్ కాకుండా డేటాబేస్‌ని ప్రతి రాత్రి కాపీ తీసి వేరే చోట దాస్తాను, ఎందుకంటే సోమవారం బ్యాకప్ తీసి శనివారం సైట్ పోతే ఐదు రోజుల ఆర్డర్లు పోయినట్టే. మూడు నెలలకోసారి ఆ కాపీ నుంచి సైట్‌ని నిజంగా లేపి చూస్తాను, తిరిగి తెచ్చి చూడని బ్యాకప్‌ని నేను నమ్మను. సైట్ పడిపోతే నాకు మెసేజ్ వస్తుంది, మీరు చెప్పాల్సిన పని ఉండదు. బ్యానర్ మార్చడం, కొత్త విభాగం చేర్చడం లాంటి చిన్న పనులకి నెలకి రెండు గంటలు ఇందులోనే. ఉదయం 10 నుంచి సాయంత్రం 7 లోపు ఫోన్ చేస్తే అదే రోజు పని మొదలుపెడతాను.

మూడోది నెలకి 7,500. పైవన్నీ ఉంటాయి, చిన్న పనులకి రెండు గంటల బదులు ఆరు గంటలు, రాత్రీ ఆదివారమూ కూడా ఫోన్ ఎత్తుతాను, మీరు స్టాక్ పెట్టే పదకొండు గంటల సమయంలో నేను సైట్ ముందు కూర్చుని ఆర్డర్లూ పేమెంట్లూ సరిపోతున్నాయో లేదో చూస్తాను. ఏడాదంతా ఇది అక్కర్లేదు. పది నెలలు రెండో ప్లాన్, శ్రావణ మాసంలో ఒక నెల, దసరా ముందు ఒక నెల మూడో ప్లాన్, అలా 35,000కి 15,000 కలిపితే 50,000.

వీటిలో రానివి కూడా ఇప్పుడే చెప్పేయాలి. చీరల ఫోటోలు తీయడం, ఒక్కో చీర వివరాలు టైపు చేయడం, కొరియర్ కంపెనీతో కొత్తగా సైట్‌ని కలపడం, యాప్ చేయడం వేరే పనులు, ముందు రేటు మాట్లాడుకునే చేస్తాను. ఫోటోల విషయంలో ఒక్క మాట, ఫోన్లో తీసినవి ఏడేసి ఎంబీ ఉంటున్నాయి, మీ షాపులో అమ్మాయి వాటిని అలాగే ఎక్కిస్తోంది. సైట్ వాటిని దానంతటదే చిన్నవి చేసుకునేలా పెట్టాను కాబట్టి కొనేవాళ్ళకి ఇబ్బంది లేదు, కానీ అసలు ఫోటోలతో సర్వర్ స్థలం నిండుతుంది, నెలకోసారి ఆ పాతవి తీసి మీ గూగుల్ డ్రైవ్‌లో పెట్టేయడం రెండో ప్లాన్‌లో చేర్చాను.

డొమైన్, సర్వర్, పేమెంట్ ఖాతా, మూడూ మీ పేరు మీద, మీ ఈమెయిల్‌తో, మీ కార్డుతోనే ఉండాలి. నాకు పని చేసుకునేంత వరకు అనుమతి ఇవ్వండి చాలు. రేపు మీరు ఇంకొకరితో పని చేయించుకోవాలనుకుంటే తాళాలు ఎవరినీ అడుక్కోకూడదు. డెవలపర్ పేరు మీద డొమైన్ ఉండిపోయి, ఆయన ఫోన్ ఎత్తకపోతే షాపు పేరే చేజారిన వాళ్ళని చూశాను, ఆ బాధ మీకు రాకూడదు.

నా డబ్బు ప్రతి నెలా మొదటి వారంలో ఇస్తే చాలు, అడ్వాన్స్ వద్దు. నాకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి పైన చెప్పిన నా రేట్ల మీద పన్ను కలవదు. ఆపేయాలనుకుంటే ఒక నెల ముందు చెప్పండి, పాస్‌వర్డ్లూ చివరి బ్యాకప్పూ, ఏది ఎక్కడుందో రాసిన కాగితమూ ఇచ్చి వెళ్తాను.

శ్రావణ మాసానికి కనీసం మూడు వారాల ముందే సైట్ కొత్త సర్వర్ మీద ఉండాలి, చిన్న చిన్న లోపాలేమైనా ఉంటే రద్దీ లేనప్పుడే బయటపడాలి. కాబట్టి ఈ శుక్రవారం లోపు రెండు విషయాలు చెప్పండి. సర్వర్ బెంగళూరులో 2 జీబీది సరేనా, మెయింటెనెన్స్ నేను చెప్పినట్టు కలిపి పెట్టమంటారా లేక రెండో ప్లాన్‌తోనే మొదలుపెడదామా. సరే అంటే శనివారం మంగళగిరి వస్తాను, షాపులో కూర్చుని మీ కార్డుతో ఖాతా తెరిచేద్దాం, ఓ గంట పని. ఓటీపీలు మీ ఫోన్‌కే వస్తాయి కాబట్టి ఆ ఫోన్ దగ్గర ఉంచుకోండి.

ఉంటానండి,
కిరణ్