ఈఎస్ఐ అంగవైకల్య పెన్షన్ తిరస్కరణపై అప్పీలు

హైదరాబాద్,
1 సెప్టెంబర్ 2025

గౌరవనీయులైన మెడికల్ అప్పీల్ ట్రిబ్యునల్ వారికి
(ఈఎస్ఐ ప్రాంతీయ కార్యాలయం ద్వారా)

విషయం: నా కుడిచేతి గాయానికి శాశ్వత అంగవైకల్య ప్రయోజనం ఇవ్వనవసరం లేదన్న మెడికల్ బోర్డు నిర్ణయంపై ఈఎస్ఐ చట్టం, 1948లోని సెక్షన్ 54ఎ కింద అప్పీలు.

అయ్యా,

నేను జీడిమెట్ల పారిశ్రామికవాడలో రేకు సామాన్లు తయారుచేసే ఫ్యాక్టరీలో పవర్ ప్రెస్ ఆపరేటర్‌గా పనిచేశాను. ఇప్పుడు అక్కడే ప్యాకింగ్ సెక్షన్‌లో హెల్పర్‌ని. నా బీమా నంబరు, యజమాని కోడు జతచేసిన ఈ-పెహచాన్ కార్డులో, యాక్సిడెంట్ రిపోర్టులో ఉన్నాయి. బోర్డు నిర్ణయం 9 జూలై 2025న నా చేతికి అందింది. మూడు నెలల గడువులోపే ఈ అప్పీలు పెట్టుకుంటున్నాను.

14 నవంబర్ 2023న నైట్ షిఫ్టులో ప్రెస్ కింద ఇరుక్కున్న రేకును బయటికి లాగుతుంటే దాని అంచు జారి, నా కుడి మణికట్టును చిటికెన వేలు వైపు లోతుగా కోసింది. షిఫ్టు ఇన్‌ఛార్జి నన్ను దగ్గర్లోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాడు. ఆ రాత్రే కుట్లు వేశారు. తర్వాత వైద్యమంతా ఈఎస్ఐలోనే జరిగింది. ప్రమాదం డ్యూటీలో జరిగిందా లేదా అన్న దానిపై ఎవరికీ పేచీ లేదు. యజమాని రిపోర్టు ఇచ్చారు, కార్పొరేషన్ వారు దాన్ని ఉద్యోగ గాయంగా ఒప్పుకుని ఏప్రిల్ 2024 వరకు తాత్కాలిక అంగవైకల్య ప్రయోజనం నా ఖాతాలో వేశారు. అందుకు కృతజ్ఞుణ్ణి.

బోర్డు వారు తిరస్కరించడానికి రాసిన కారణాలు రెండు: వైద్య రికార్డు అసంపూర్తిగా ఉందని, వేళ్లన్నీ ఉన్నాయి, ఉద్యోగంలో కొనసాగుతున్నాడని.

రికార్డు అసంపూర్తిగా ఉన్న మాట నిజం. ఏ కాగితం లేదో, ఎందుకు లేదో చెప్పుకుంటాను.

ఆ రాత్రి ఆపరేషన్ నోట్స్ నా దగ్గర లేవు. ఆసుపత్రి వారు ఇచ్చిన డిశ్చార్జి కాగితం అర పేజీ. అందులో కుడి మణికట్టుకు కోత, కుట్లు వేశాం అని తప్ప లోపల నరం తెగిందా, తెగితే అతికించారా అన్నది లేదు. నోట్స్ కావాలని అడిగితే పాత ఫైళ్లు తీయడం కుదరదన్నారు. రాతపూర్వకంగా అడిగిన దరఖాస్తుకు వారు వేసిన అందినట్టు ముద్ర మాత్రం ఉంది, జవాబు రాలేదు. బిల్లు కట్టింది కంపెనీ కాబట్టి బిల్లు కాగితాలు కూడా నాకు చేరలేదు.

రెండోది నరాల పరీక్ష రిపోర్టు. ఫిబ్రవరి 2024లో ఈఎస్ఐ డాక్టరు గారు చీటీలో అల్నార్ నరం దెబ్బతిన్నదేమో అని ప్రశ్నార్థకంతో రాసి నర్వ్ కండక్షన్ టెస్టుకు పంపారు. పరీక్ష జరిగింది. ఒరిజినల్‌ను సెలవు మంజూరు కోసం ఫ్యాక్టరీ ఆఫీసులో ఇవ్వమంటే ఇచ్చాను. వాళ్లు నాకు తిరిగిచ్చిన జిరాక్సులో మొదటి పేజీయే ఉంది. అందులో అంకెలు, గీతలు ఉన్నాయి గానీ డాక్టరు అభిప్రాయం, సంతకం ఉండే రెండో పేజీ లేదు. ఒరిజినల్ కనిపించడం లేదని ఆఫీసులో అంటున్నారు.

ఇంత చెప్పింది నా మీద జాలి పడమని కాదు. తప్పిపోయిన ఆ కాగితాలు అప్పటి సంగతి చెప్పేవి. నేను అడుగుతున్నది శాశ్వత వైకల్యానికి. అది నిజంగా శాశ్వతమైతే ఈరోజు పరీక్ష చేసినా కనిపించాలి కదా! కనిపించకపోతే నా క్లెయిమ్ అక్కడితో పోతుంది, అందుకు నేను సిద్ధమే. బోర్డు రోజున నా చేతిని అటూ ఇటూ తిప్పి చూశారు, పిడికిలి బిగించమన్నారు. పట్టు బలం కొలిచే పరికరంతో చూడలేదు, నరాల పరీక్షకు మళ్లీ పంపలేదు. రికార్డు చాలదనుకున్నప్పుడు పరీక్షకు పంపి ఉంటే ఈ అప్పీలు అవసరమే ఉండేది కాదని నా మనవి.

ఇప్పుడు చేతి పరిస్థితి ఇది. ఉంగరపు వేలు, చిటికెన వేలు లోపలికి వంకరపోయి ఉన్నాయి, వాటంతట అవి చాచుకోవు. చిటికెన వేలికి స్పర్శ లేదు. వేడి గిన్నె తగిలి బొబ్బ లేచాక గానీ తెలియలేదు. బొటనవేలు, చూపుడు వేలు మధ్య కాగితం పట్టుకుంటే ఎవరైనా ఇట్టే లాగేయవచ్చు. బొటనవేలి పక్కన వెనకవైపు కండ కరిగి గుంట పడింది. ఎడమచేతితో పక్కపక్కన పెట్టి తీసిన ఫొటోలు జతచేశాను. నా సంతకం కూడా మారింది. కాబట్టి ఈ అప్పీలు మీది సంతకం పాత క్లెయిమ్ ఫారాల్లోని దానితో కలవదు, దయచేసి గమనించండి.

వేళ్లన్నీ ఉన్నాయన్న మాటకు వస్తే, చట్టంలోని రెండో షెడ్యూలు ప్రకారం ఒక చేతి రెండు వేళ్లు పోతే సంపాదనా సామర్థ్య నష్టం 20 శాతం. అవయవం ఉండి కూడా దాని వాడుక పూర్తిగా, శాశ్వతంగా పోతే ఆ అవయవం పోయినట్టే లెక్క అని ఆ షెడ్యూలు కింది వివరణలోనే ఉంది. నా రెండు వేళ్ల వాడుక పూర్తిగా పోయిందో, కొంత మిగిలిందో తేల్చాల్సింది డాక్టర్లు. కొంతే పోయిందని తేలితే ఆ మేరకే శాతం వేయండి. ఏ పరీక్షా లేకుండా సున్నా వేయడమే నాకు అన్యాయంగా తోస్తోంది.

ఇక ఉద్యోగంలో కొనసాగడం గురించి. జీతం వస్తున్న మాట వాస్తవమే. కానీ చట్టం చూడమన్నది సంపాదించే శక్తిని. ప్రమాదం నాటికి నేను చేయగలిగిన ప్రతి పనిలోనూ ఆ శక్తి తగ్గిందా అన్నది ప్రశ్న. అప్పటికి నేను ప్రెస్ నడిపేవాణ్ణి, డై సెట్టింగ్ చేసేవాణ్ణి, అవసరమైతే వెల్డింగ్‌కు కూర్చునేవాణ్ణి. ఇవన్నీ కుడిచేతి పట్టు మీద నడిచే పనులు. ఇప్పుడు అట్టపెట్టెలకు టేపు అంటిస్తున్నాను, అదీ ఎడమచేత్తో. యజమాని దయతో ఉంచుకున్నాడు. ఆపరేటర్లకు దొరికే ఓవర్‌టైమ్ నాకు లేదు. ఈ ఫ్యాక్టరీ వదిలితే ఇంకో చోట ప్రెస్ మీద నన్ను ఎవరూ పెట్టుకోరు. ప్రమాదానికి ముందు ఆరు నెలల జీతం చీటీలు, ఇప్పటి చీటీలు పక్కపక్కన పెట్టి చూడగలరు.

కాబట్టి నన్ను ట్రిబ్యునల్ ముందుకు పిలిచి చేతిని స్వయంగా చూడమని, ఈఎస్ఐ ఆసుపత్రిలోనే కొత్తగా నర్వ్ కండక్షన్ టెస్టు, పట్టు బలం పరీక్ష చేయించమని కోరుతున్నాను. ప్రైవేటు ఆసుపత్రి నుంచి ఆపరేషన్ నోట్స్, ఫ్యాక్టరీ నుంచి ఒరిజినల్ రిపోర్టు మీరే తెప్పించండి. నేను అడిగితే రానివి మీరు అడిగితే వస్తాయని నా ఆశ. వాటి కోసం ఆలస్యమయ్యేటట్టయితే, సెక్షన్ 54లో తాత్కాలిక అంచనాకు వీలుంది గనుక, ఒక కాలపరిమితికి అలా శాతం నిర్ణయించి, పూర్తి రికార్డు వచ్చాక తుది నిర్ణయం ఇవ్వమని మనవి. తాత్కాలిక ప్రయోజనం ఆగిన మర్నాటి నుంచి బకాయి లెక్కకట్టి ఇప్పించాలని కూడా కోరుతున్నాను.

బోర్డు నిర్ణయం ప్రతి, యాక్సిడెంట్ రిపోర్టు, డిశ్చార్జి కాగితం, ఈఎస్ఐ ఓపీ చీటీలు, నరాల పరీక్ష మొదటి పేజీ, ఆసుపత్రికి ఇచ్చిన దరఖాస్తు, తాత్కాలిక ప్రయోజనం జమ అయిన బ్యాంకు పాస్‌బుక్ పేజీలు, జీతం చీటీలు, చేతి ఫొటోలు, ఈ-పెహచాన్ కార్డు ప్రతి జతచేశాను. ఒరిజినల్స్ నా దగ్గరున్నవి విచారణ రోజున తెస్తాను. ఆ తేదీ కనీసం వారం ముందు తెలియజేస్తే షిఫ్టు మార్చుకుని వస్తాను.

ఇట్లు
మీ విధేయుడు,
కె. వెంకటేశ్