వంజంగి నుంచి ఒక ఫోటో

మాధవి:
(ఫోటో)
వదినా, ఎలా ఉన్నారు? పనేం లేదు, ఊరికే పంపిస్తున్నా. ఇది పాడేరు దగ్గర వంజంగి కొండ. కింద తెల్లగా పరుచుకున్నది చెరువు కాదు, మబ్బులు!

మీ తమ్ముడు మూడింటికే అందర్నీ లేపేశారు. సగం దూరం జీపు, మిగతాది చీకట్లో ఫోన్ లైటు వేసుకుని నడక. తీరా పైకెక్కితే అరగంట సేపు పక్కనున్న మనిషి కూడా కనబడలేదు, అంత పొగమంచు. ఇంత కష్టపడి వచ్చింది ఇందుకా అనుకున్నా. ఆరు దాటాక తూర్పున సన్నగా ఎర్ర గీత పడింది. చూస్తుండగానే మబ్బు కిందికి దిగిపోయి, కొండ కొనలు ఒక్కొక్కటే పైకి తేలాయి. వరదలో మీ గోదావరి లంకల్లాగే అనిపించాయి నాకు. చిన్నాడు మాత్రం "పీచు మిఠాయి ఎవరమ్మా ఇంత ఒలకబోశారు" అన్నాడు.

ఆ మంకీ క్యాప్ మనిషి ఎవరో పోల్చుకున్నారా?

వదిన:
పోల్చకేం, వాడికి అయిదో క్లాసు నుంచీ అదే అవతారం! ఫోటో ఎంత బాగుందో మాధవీ. మీ అన్నయ్యకి చూపిస్తే ఫోన్ తిరిగి ఇవ్వట్లేదు.

మేం అరకు వెళ్ళింది కిరండూల్ పాసింజరులో. ఆ లైనులో మొత్తం 58 సొరంగాలట. పిల్లలు లెక్కపెడతామని పందెం వేసుకుని, ఇరవై దగ్గర కొట్టుకుని మానేశారు. శిమిలిగూడ స్టేషన్ 996 మీటర్ల ఎత్తులో ఉంటుంది కదా, అక్కడ మీ అన్నయ్య "చలేం లేదే" అంటూ పొట్టి చేతుల చొక్కాతో దిగారు. రెండు నిమిషాల్లో తువ్వాలు తలకి చుట్టుకుని వచ్చి కూర్చున్నారు. దారంతా వలిసె పూలు, పసుపు ఆరబోసినట్టు. ఇప్పుడూ ఉన్నాయా? బొంగులో చికెన్ తిన్నారా? నాకైతే వెదురు వాసనే నచ్చింది, ముక్క కొంచెం చప్పగా అనిపించింది.

అన్నట్టు, ఫోటోలో కుడి పక్క బండ మీద ఎర్ర మూత ఫ్లాస్కు ఒకటి ఉంది. పెద్దది చేసి చూశా, మూత మీద సొట్ట కూడా ఉంది. పోయిన సంక్రాంతి నుంచి ఇల్లంతా వెతుకుతున్నా దాని కోసం!

మాధవి:
అయ్యో వదినా! "మనదేలే" అని ఈయనే సంచిలో పెట్టారు. ఇప్పుడు అడిగితే కొండలు చూస్తున్నారు. వలిసె పూలు ఉన్నాయి, కాస్త వాడాయి. రేపు దారిలో ఆగి తీసి పంపుతా.

వదిన:
వాడి సంగతి తెలీందేముంది. సరేలే, పుట్టింటి వస్తువు ఖాళీగా తిరిగి రాకూడదు, అరకిలో అరకు కాఫీ పొడి పోసి మరీ పంపమను!